కమీషన్ మీద పని చేయాలా, కుర్చీ అద్దెకు తీసుకోవాలా: అనంతపురంలో ఫ్రీలాన్స్ స్టైలిస్టులు ముందే వేసుకోవాల్సిన లెక్క

అనంతపురం, కర్నూలు, కడప స్టైలిస్టులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఓనరక్క నలభై శాతం కమీషన్ ఇస్తానంటోంది. ఇంకో పార్లర్‌లో కుర్చీకి నెలకు తొమ్మిది వేలు అద్దె కట్టి, వచ్చిందంతా నువ్వే ఉంచుకోమంటున్నారు. ఏది మేలు?" చాలామంది ఇప్పుడు చేస్తున్న బిల్లులన్నీ కలిపి, అందులోంచి తొమ్మిది వేలు తీసేసి, మిగిలింది చూసి అద్దెకు వెళ్లిపోతారు. మూడో నెలకు చేతిలో డబ్బు ఆడదు. పొరపాటు తీసివేతలో లేదు, మొదట వేసుకున్న అంకెలోనే ఉంది. ఆ అంకెను సరిగ్గా తేల్చుకోవడం ఎలాగో ఇక్కడ చెప్తున్నాం. ఉదాహరణ కోసం ఆడవాళ్ళ పార్లర్‌లో హెయిర్ పని చేసే ఒక స్టైలిస్టు లెక్క తీసుకున్నాం. రేట్లన్నీ లెక్క అర్థం కావడానికి వేసినవే, వాటి స్థానంలో మీ రేట్లు పెట్టుకోండి.

కావలసినవి

- గత మూడు నెలల మీ బిల్లుల వివరాలు. పార్లర్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ప్రింటు అడగండి. ఇవ్వకపోతే ఈ రోజు నుంచే చిన్న పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి, నెల రాసినా పనికొస్తుంది.
- గ్రాములు చూపే చిన్న డిజిటల్ కాటా. వంటింటి కాటా సరిపోతుంది.
- కలర్, డెవలపర్, కెరాటిన్ కొన్న బిల్లులు.
- ఈ ఏటి పంచాంగం లేదా తెలుగు క్యాలెండర్. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.
- అద్దెకిస్తామన్న పార్లర్‌లో ఒక శనివారమో ఆదివారమో రెండు గంటలు కూర్చుని చూసే ఓపిక.

1. మీ కస్టమర్లను రెండుగా విడదీయండి

పుస్తకంలో ప్రతి బిల్లు పక్కన ఒక గుర్తు పెట్టండి. మీ పేరు అడిగి వచ్చినా, మీకే ఫోన్ చేసి టైము తీసుకున్నా, మీ పాత కస్టమర్ పంపగా వచ్చినా "నా" అని రాయండి. దారిన పోతూ బోర్డు చూసి వచ్చినా, రిసెప్షన్ మీ దగ్గరికి పంపినా, పార్లర్ ఆఫర్ చూసి వచ్చినా "షాపు" అని రాయండి. అనుమానంగా ఉంటే "షాపు" అనే రాయండి. మీరు సెలవులో ఉన్న రోజు ఆమె వేరే అమ్మాయి దగ్గర చేయించుకుని వెళ్తే ఆమె మీ కస్టమర్ కాదు, షాపు కస్టమరే.

అసలు తేడా ఇక్కడే ఉంది. కమీషన్ మీద ఉన్నప్పుడు షాపుకు వచ్చిన వాకిన్ కస్టమర్లలో మీకూ భాగం వస్తుంది. కుర్చీ అద్దెకు తీసుకున్నాక ఆ వాకిన్లు ఓనరక్క సొంత స్టాఫ్ దగ్గరికి వెళ్తారు. ఆమె జీతమిచ్చే మనుషులు ఖాళీగా కూర్చుని ఉంటే మీ దగ్గరికి ఎందుకు పంపుతుంది? కాబట్టి అద్దె లెక్క మొత్తం బిల్లు మీద వేయకూడదు, "నా" అని గుర్తు పెట్టిన బిల్లుల మీదే వేయాలి.

మన ఉదాహరణలో స్టైలిస్టు మామూలు నెల బిల్లులు మొత్తం 60,000 రూపాయలు. అందులో "నా" 35,000, "షాపు" 25,000.

పెళ్ళిళ్ళకు ఇంటికో కళ్యాణ మండపానికో వెళ్ళి చేసే మేకప్, జడ పని ఇందులో కలపకండి. ఆ డబ్బు రావడానికి ఈ కుర్చీ అవసరం లేదు. దాన్ని కలిపితే కుర్చీ నిజంగా తెచ్చేదానికంటే ఎక్కువ తెస్తున్నట్టు కనిపిస్తుంది. ఒక విషయం మాత్రం అడిగి తెలుసుకోండి. కొందరు ఓనర్లు కమీషన్ మీద ఉన్నవాళ్ళ బయటి బుకింగుల్లో కూడా వాటా అడుగుతారు. అడుగుతారా లేదా అన్నది మొదటి రోజే తేల్చుకోండి.

2. ప్రొడక్టు ఖర్చు తూకం వేసి తెలుసుకోండి

కమీషన్‌లో ప్రొడక్టు సాధారణంగా ఓనర్‌ది. అద్దెలో మీది. "ఒక టచప్‌కు ఎంత పడుతుంది?" అని అడిగితే చాలామంది "వందో, నూట యాభయ్యో" అంటారు. ఒక్కసారి కాటా మీద గిన్నె పెట్టి చూడండి.

60 గ్రాముల ట్యూబు 420 రూపాయలనుకుందాం, అంటే గ్రాము 7 రూపాయలు. కుదుళ్ళ టచప్‌కు 40 గ్రాములు వాడితే 280. ఒకటికి ఒకటిన్నర చొప్పున డెవలపర్ 60 మిల్లీలీటర్లు. లీటరు డబ్బా 600 అయితే దానికి 36. గ్లవ్స్, షాంపూ, కండిషనర్, టిష్యూ కలిపి 32. మొత్తం 348. బిల్లు 1,200 అయితే ప్రొడక్టు 29 శాతం. అదే 300 రూపాయల కటింగ్‌కు షాంపూ, టిష్యూ కలిపి 12 రూపాయలు, అంటే 4 శాతమే.

అందుకే అన్ని సర్వీసులకూ ఒకే శాతం వేయకండి. మన స్టైలిస్టు "నా" బిల్లులు ఇలా ఉన్నాయి:

- కటింగ్, స్టైలింగ్: 9,000. ప్రొడక్టు 360.
- కలర్, టచప్: 14,000. ప్రొడక్టు 4,060.
- కెరాటిన్, స్పా: 12,000. ప్రొడక్టు 2,580.

మొత్తం 35,000 బిల్లుకు 7,000 ప్రొడక్టు, అంటే 20 శాతం. కటింగ్ ఎక్కువ చేసేవాళ్ళకు ఇది 10 దాకా దిగొచ్చు, కలర్ మీదే బతికేవాళ్ళకు 28 దాటొచ్చు. మీ శాతం మీరే తేల్చుకోవాలి.

తూకంలో కనపడని నష్టం ఒకటుంది. మిగిలిన 20 గ్రాముల ట్యూబు మూత బిగించకపోతే గాలి తగిలి రంగు చెడిపోతుంది. కలిపేసిన కలర్ అయితే అసలే దాచలేరు. డెవలపర్‌లోని పెరాక్సైడ్ ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది కాబట్టి దాన్ని మూతపెట్టిన డబ్బాలో ఉంచితే ఉబ్బి పగిలే ప్రమాదం కూడా ఉంది, పారబోయడం ఒకటే దారి. కమీషన్‌లో ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఈ వేస్టేజీ అద్దెకు వచ్చాక మీ జేబులోంచి పోతుంది. ముందు 30 గ్రాములు కలుపుకుని, చాలకపోతే ఇంకో 10 కలుపుకునే అలవాటు చేసుకోండి.

నీళ్ళ సంగతి కూడా చూడండి. మన వైపు బోరు నీళ్ళు గట్టివి. నురగ రాదు, షాంపూ ఎక్కువ పడుతుంది. పార్లర్ బేసిన్‌కు బోరు నీళ్ళే వస్తుంటే అక్కడి నీళ్ళతోనే ఒకసారి తలస్నానం చేయించి ఎంత షాంపూ పట్టిందో చూసి లెక్కలో వేసుకోండి.

3. "నలభై శాతం" అంటే దేని మీద అని అడగండి

కమీషన్ శాతం విని సంతోషపడే ముందు ఆ శాతం ఏ మొత్తం మీదో తెలియాలి. మన స్టైలిస్టు 60,000 బిల్లుకు మూడు రకాల మాటలు ఇలా తేలతాయి.

"బిల్లు మీద 40 శాతం" అంటే 24,000.

"ప్రొడక్టు ఖర్చు తీసేశాక 50 శాతం" అంటే, ప్రొడక్టు 20 శాతం అయితే, 48,000లో సగం, అంటే మళ్ళీ 24,000. పేరుకు పది శాతం ఎక్కువ, చేతికొచ్చేది అంతే.

"ముందు 30 శాతం కట్ చేసి, మిగిలినదాంట్లో 50 శాతం" అంటే 42,000లో సగం, 21,000. ఇందులో 4 శాతం ఖర్చయ్యే కటింగ్ మీద కూడా 30 శాతం కోసేస్తారు. కటింగ్ ఎక్కువ చేసేవాళ్ళకు ఇది దండగ. అసలు ఖర్చు మాత్రమే తీయమనండి, లేకపోతే ప్రొడక్టు కోత కలర్, కెరాటిన్‌కే పరిమితం చేయమనండి.

ఇంకో నాలుగు ప్రశ్నలు కూడా అడగండి. పండగ ఆఫర్‌లో డిస్కౌంటు ఇస్తే శాతం పాత రేటు మీదా, కొత్త రేటు మీదా? కస్టమర్ ముందే డబ్బు కట్టిన ప్యాకేజీలో మీరు సర్వీసు చేస్తే మీకు ఎప్పుడు, ఎంత? రంగు సరిగా రాక మళ్ళీ చేయాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిది? కస్టమర్ యూపీఐలో బిల్లుతో కలిపి పంపిన టిప్పు మీ చేతికి వస్తుందా? టిప్పు సంగతి అడగడానికి మొహమాటపడతారు గానీ నెలాఖరుకు అదీ ఓ మొత్తమే.

పార్లర్‌కు జీఎస్‌టీ ఉంటే కమీషన్ పన్ను లేని మొత్తం మీదే లెక్క కడతారు, అది న్యాయమే. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్, బ్యూటీ సర్వీసుల మీద జీఎస్‌టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కస్టమర్ 1,050 కడితే మీ శాతం 1,000 మీద. ఇప్పటికీ 18 శాతం పన్ను పోయిందని చెప్పి మీ వాటా తగ్గిస్తే బిల్లు చూపించమనండి.

4. అద్దెలో కుర్చీ కాక ఇంకేం కడతారో కూడండి

అద్దె 9,000 అన్నది మొదటి మాట మాత్రమే. మన ఉదాహరణలో మిగతావి: కరెంటు వాటా 900, టవళ్ళ ఉతుకు 600, తాగే నీళ్ళ క్యాన్లు, డిస్పోజబుల్ సామాను 400, కత్తెర పదును పెట్టించడం, డ్రయ్యర్ రిపేరు లాంటివాటికి పక్కన పెట్టేది 600. మొత్తం 2,500. అద్దెతో కలిపి నెలకు 11,500 కస్టమర్ వచ్చినా రాకపోయినా పోతుంది.

కరెంటు వాటా ఎలా వేస్తారో ముందే అడగండి. "బిల్లు వచ్చాక కుర్చీల లెక్కన పంచుకుందాం" అంటే ఏప్రిల్, మే నెలల్లో గుండె గుభేల్మంటుంది. అనంతపురం ఎండల్లో ఏసీ పొద్దున్నుంచీ ఆడుతుంది, కమర్షియల్ రేటు మీద. ఏడాది పొడుగునా ఒకే మొత్తం ఖాయం చేసుకోవడమో, సబ్ మీటరు పెట్టించడమో మేలు.

పార్లర్‌కు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంటే మీ దగ్గర తీసుకునే కుర్చీ అద్దె మీద 18 శాతం పన్ను పడుతుంది. సర్వీసు మీద తగ్గిన 5 శాతం అద్దెకు వర్తించదు. 9,000 కాస్తా 10,620 అవుతుంది, మీరు దాన్ని వెనక్కి తెచ్చుకోలేరు. కాబట్టి "తొమ్మిది వేలు అంటే పన్నుతో కలిపా, కాకనా అక్కా?" అని అడిగి రాయించుకోండి.

మీ వైపు నుంచి చూస్తే, సేవల్లో ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితేనే మీకు జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అద్దె పద్ధతిలో టర్నోవరు అంటే మీకు మిగిలింది కాదు, మీరు వేసిన బిల్లులన్నీ.

డబ్బుకు సంబంధం లేనట్టు కనిపించే అసలు తిరకాసు బేసిన్. కుర్చీ మీదే, కానీ హెయిర్ వాష్ బేసిన్ ఒక్కటే ఉండి ఓనర్ స్టాఫ్ ముందు వాడుకుంటుంటే మీ కస్టమర్ తల మీద రంగు టైము దాటిపోతుంది. ముదురు రంగు వస్తే నింద మీకే. అందుకే ఆదివారం వెళ్ళి కూర్చోమన్నాం. ఎన్ని కుర్చీలకు ఎన్ని బేసిన్లో, వరసలో ఎంతసేపు ఆగుతున్నారో, గీజర్ రెండో కస్టమర్‌కు వేడినీళ్ళు ఇస్తుందో లేదో, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద డ్రయ్యర్ నడుస్తుందో లేదో చూసుకోండి. మామూలు ఇన్వర్టర్ మీద లైట్లు వెలుగుతాయి గానీ డ్రయ్యర్ నడవదు. నాలుగు కుర్చీలకు ఒక్క బేసిన్ ఉన్నచోట కలర్ పని ఎక్కువగా ఉన్నవాళ్ళు అద్దెకు వెళ్ళకపోవడమే మంచిది.

5. ఒక నెల కాదు, ఏడాది లెక్క వేయండి

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెడదాం. మామూలు నెలలో:

- కమీషన్: 60,000లో 40 శాతం, 24,000.
- అద్దె: 35,000లోంచి ప్రొడక్టు 7,000, ఖర్చులు 11,500 తీస్తే 16,500.

అందరూ చేసే తప్పు లెక్క చూడండి: 60,000లోంచి ప్రొడక్టు 12,000, ఖర్చులు 11,500 తీస్తే 36,500. కాగితం మీద అద్దె 12,500 లాభం. నిజంలో 7,500 నష్టం.

అద్దె ఎప్పుడు గిట్టుతుందో తెలియాలంటే ఇలా చేయండి. ఇప్పుడొస్తున్న కమీషన్‌కు నెలవారీ ఖర్చు కలపండి: 24,000 + 11,500 = 35,500. ప్రొడక్టు 20 శాతం పోగా మిగిలేది 80 శాతం కాబట్టి 0.80తో భాగించండి: 44,375. అంటే ఈ స్టైలిస్టు "నా" బిల్లులు మామూలు నెలలో సుమారు 44,400 చేరితేనే రెండూ సమానం. ఇప్పుడున్నది 35,000. ఇంకో తొమ్మిది వేల చిల్లర పని తన పేరు మీద పెరగాలి. లేదా అద్దెకు వెళ్ళాక రేట్లు తానే పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడ కొంత రాబట్టుకోవాలి. రేటు పెంచితే పాత కస్టమర్లలో ఎంతమంది ఉంటారో అన్నది వేరే సంగతి.

ఇక పంచాంగం తెరవండి. ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. భాద్రపదం, పుష్యం అంతే. మూఢం వచ్చినా, అధిక మాసం వచ్చినా అంతే. శ్రావణం, మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో మండపాలు దొరకవు. కర్నూలు, కడపల్లో రంజాన్ ముందు వారం పది రోజులు పార్లర్లలో నిలబడేందుకు చోటుండదు. అనంతపురంలో జేఎన్‌టీయూ, ఎస్కేయూ సెలవులిస్తే అమ్మాయిల వాకిన్లు పడిపోతాయి. కమీషన్ ఈ హెచ్చుతగ్గులతో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. అద్దె మాత్రం ఆషాఢమైనా తొమ్మిది వేలే.

ఏడాదిని నాలుగు డల్ నెలలు, ఐదు మామూలు నెలలు, మూడు పెళ్ళిళ్ళ నెలలుగా పంచుదాం. డల్ నెలలో "నా" 24,000, మొత్తం 38,000. పెళ్ళిళ్ళ నెలలో "నా" 70,000, మొత్తం 95,000.

డల్ నెల: కమీషన్ 15,200. అద్దెలో మిగిలేది 7,700.
మామూలు నెల: కమీషన్ 24,000. అద్దెలో 16,500.
పెళ్ళిళ్ళ నెల: కమీషన్ 38,000. అద్దెలో 44,500.
ఏడాదికి: కమీషన్ 2,94,800. అద్దెలో 2,46,800.

పెళ్ళిళ్ళ నెలలో చూసి నిర్ణయం తీసుకుంటే అద్దె బ్రహ్మాండంగా కనిపిస్తుంది. మాఘంలో పక్క కుర్చీ అమ్మాయి సంపాదన చూసి అద్దెకు దిగినవాళ్ళు ఆషాఢం వచ్చేసరికి 7,700తో నెల గడపాల్సి వస్తుంది. ఈ స్టైలిస్టుకు ఇప్పటికి కమీషనే మేలు, ఏడాదికి 48,000 తేడా. మీ అంకెలు వేరేగా ఉండొచ్చు. అందుకే మీ పుస్తకం ముఖ్యం.

6. రెండింటి మధ్య దారులు అడిగి చూడండి

చాలామంది ఓనర్ చెప్పిన రెండు మాటల్లో ఒకటి ఎంచుకుంటారు. బేరం చేయడానికి ఇంకా చోటుంది.

రెండు రేట్ల కమీషన్: "నా" కస్టమర్లకు 55 శాతం, "షాపు" కస్టమర్లకు 35 శాతం అడగండి. మన ఉదాహరణలో 35,000లో 19,250, 25,000లో 8,750, మొత్తం 28,000. మామూలు 40 శాతం కంటే 4,000 ఎక్కువ. ఓనరక్కకూ ఇది నష్టం కాదు. మీరు వేరే చోటికి వెళ్తే మీ 35,000 పని అంతా పోతుందని ఆమెకూ తెలుసు. అద్దెకు వెళ్దామా అని ఊగిసలాడేవాళ్ళు ముందు దీన్నే అడగాలని మా సలహా. కాకపోతే ఎవరు "నా", ఎవరు "షాపు" అన్న గొడవ రాకుండా చేరే రోజే మీ పాత కస్టమర్ల పేర్ల లిస్టు రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. చేరాక మీరు కష్టపడి సంపాదించిన కొత్త కస్టమర్‌ను వరసగా మూడోసారి మీ పేరు అడిగి వచ్చినప్పుడు లిస్టులో చేర్చాలని రాసుకోండి.

రోజు అద్దె: కుర్చీ రోజుకు 450 అయితే నెలకు 20 రోజుల లోపు కూర్చునేవాళ్ళకు 9,000 కంటే ఇదే చవక. శుక్ర, శని, ఆదివారాలు మాత్రమే కూర్చుని మిగతా రోజులు ఇళ్ళకు వెళ్ళి పని చేసేవాళ్ళకు సరిపోతుంది.

సీజన్ అద్దె: డల్ నెలల్లో 6,000, మామూలు నెలల్లో 9,000, పెళ్ళిళ్ళ నెలల్లో 12,000. ఏడాదికి 1,05,000, అంటే ఓనర్‌కు తగ్గేది 3,000 మాత్రమే. మీకు ఆషాఢంలో 3,000 చేతిలో మిగలడం వేరు. ఏ నెలలు ఏవో ఉగాది పంచాంగం చూసి పేర్లతో సహా రాసుకోండి. ఊరికే "సీజన్ లేనప్పుడు తగ్గిద్దాంలే" అన్న మాట ఆషాఢంలో ఎవరికీ గుర్తుండదు.

7. కాగితం మీద పెట్టాల్సినవి

తెలిసిన అక్కే కదా అని నోటిమాట మీద చేరకండి. ఒక పేజీ చాలు. కమీషన్ అయితే: శాతం దేని మీద, ఏ రోజు చెల్లింపు (నెలకోసారి కాదు, వారానికోసారి సోమవారం అడగండి), రోజు ముగియగానే మీ బిల్లుల చీటీ ఫోటో తీసుకునే హక్కు.

అద్దె అయితే: అద్దెలో ఏమేం కలిసున్నాయి (బేసిన్, ట్రాలీ, గీజర్, ఏసీ, కస్టమర్ కూర్చునే చోటు అని ఒక్కొక్కటీ పేరుతో), డిపాజిట్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఎన్ని రోజుల నోటీసు, పార్లర్ మూసిన రోజుల అద్దె ఎవరిది. మంగళవారం షాపు తెరవకపోతే, సంక్రాంతికి ఓనర్ ఊరెళ్ళి నాలుగు రోజులు తాళం వేస్తే ఆ రోజులకు అద్దె తగ్గించాలి. ఇంకొకటి: ఆ పార్లర్ కూడా అద్దె బిల్డింగ్‌లోనే ఉంటే, లోపల కుర్చీ ఇంకొకరికి ఇవ్వడానికి బిల్డింగ్ ఓనర్ ఒప్పుకున్నాడో లేదో ఆయన అగ్రిమెంటు చూడండి. ఒప్పుకోకపోతే ఒకరోజు మీ సామాను బయట ఉంటుంది.

అద్దె తీసుకుని కూడా రేట్లు ఓనర్ పెడుతుంటే, టైములు ఓనర్ చెప్తుంటే, డబ్బు ఓనర్ క్యూఆర్‌కే వెళ్తుంటే అది అద్దె కాదు. అద్దె కట్టి మరీ ఉద్యోగం చేస్తున్నట్టు. మీ అద్దం పక్కన మీ సొంత క్యూఆర్ ఉండాలి, బిల్లు మీ పుస్తకంలోంచి వెళ్ళాలి, కస్టమర్ నంబర్లు మీ ఫోన్‌లో ఉండాలి.

8. చేరాక సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

అద్దెకు వెళ్ళినవాళ్ళు ప్రతి నెలా ఒకే తేదీ గమనించాలి: అద్దె తేలే తేదీ. 11,500ను 0.80తో భాగిస్తే 14,375. నెల మొదటి నుంచి బిల్లులు కూడుకుంటూ వెళ్ళండి. మొత్తం 14,375 దాటిన రోజు పుస్తకంలో గీత గీయండి. ఆ తర్వాత చేసే పనిలోనే మీకు మిగిలేది. 35,000 బిల్లులుండే నెలలో ఇది 13వ తేదీ దగ్గర పడుతుంది. 24,000 ఉండే నెలలో 18 దాకా వెళ్తుంది. మామూలు నెలల్లో కూడా రెండుసార్లు 20 దాటితే ఆ కుర్చీ మీకు భారం. రోజు అద్దెకు మార్చమని అడగాల్సిన సమయం అదే, డిపాజిట్ కరిగిపోయేదాకా ఆగకండి.

రిసెప్షన్‌ను కూడా ఒకసారి పరీక్షించండి. తెలిసినవాళ్ళ చేత పార్లర్‌కు ఫోన్ చేయించి మీ పేరు అడగమనండి. "ఆ అక్క లేదు, వేరేవాళ్ళు చేస్తారు, రండి" అని జవాబొస్తే మీ కస్టమర్లు ఎటు పోతున్నారో తెలిసిపోతుంది. గొడవ పెట్టుకోనవసరం లేదు. ఆ రోజు నుంచి కార్డు మీద, వాట్సాప్‌లో మీ సొంత నంబరే ఇవ్వండి.

కమీషన్ మీద ఉన్నవాళ్ళు సోమవారం డబ్బు వచ్చినప్పుడు చీటీల ఫోటోలతో పోల్చండి. తేడా ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది: డిస్కౌంటు బిల్లులు, ప్యాకేజీ బిల్లులు, ఇద్దరు కలిసి చేసిన సర్వీసులు. కెరాటిన్ మీరు రాసి, ఐరనింగ్ హెల్పర్ చేస్తే ఎవరి ఖాతాలో పడిందో చూడండి. ఆ వారమే అడిగితే సరిచేస్తారు. మూడు నెలల తర్వాత అడిగితే చీటీలు వాళ్ళ దగ్గరా ఉండవు.

"నా", "షాపు" గుర్తులు మాత్రం ఏ పద్ధతిలో ఉన్నా ఆపకండి. మామూలు నెలల్లో "నా" మొత్తం మీ 44,400ను (మీ లెక్కలో ఎంత వస్తే అంత) వరసగా మూడు నెలలు దాటితే అప్పుడు అద్దె కుర్చీ గురించి మాట్లాడండి. అదీ ఆషాఢం అయ్యాక, శ్రావణం మొదట్లో చేరేలా.